గేటు దగ్గర బేరం: వోచర్ తీసుకుని సీటు వదులుకోవాలా?

ప్రశ్న: మొన్న అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తుంటే గేటు దగ్గర మైకులో చెప్పారు: "ఈ విమానానికి సీట్ల కంటే టికెట్లు ఎక్కువ అమ్ముడయ్యాయి, ఎవరైనా తర్వాతి విమానంలో వెళ్తామంటే 400 డాలర్ల వోచర్ ఇస్తాం" అని. ఒకాయన వెంటనే లేచి వెళ్లి తీసుకున్నాడు. పది నిమిషాలయ్యాక అదే వోచర్ 700 అయింది. నాకు ఆశ పుట్టింది గానీ భయపడి కదల్లేదు. వచ్చే నెలలో మా అమ్మానాన్నలను తీసుకుని మళ్లీ అదే దారిలో వెళ్తున్నాను. అసలు లేని సీటును అమ్మడం మోసం కాదా? ఈసారి అడిగితే ఒప్పుకోవచ్చా? దాంట్లో మెలికలు ఏమైనా ఉంటాయా?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మోసం సంగతి తేల్చేద్దాం. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

టికెట్ కొన్న ప్రతివాళ్లూ విమానం ఎక్కరు. ఒకరికి జ్వరం వస్తుంది, ఒకరి మీటింగు రద్దవుతుంది, ఇంకొకరు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. వేరే ఊరి నుంచి కనెక్షన్ ఫ్లైట్‌లో రావాల్సినవాళ్లూ ఉంటారు. మొదటి విమానం ఆలస్యమైతే రెండోది వాళ్లను వదిలేసి వెళ్లిపోతుంది. ఇలా రానివాళ్లను ఎయిర్‌లైన్స్ వాళ్లు నో-షో అంటారు. ఏ దారిలో, ఏ వారం, ఏ పూట, ఏ రకం టికెట్లలో ఎంతమంది ఎగ్గొడతారో వాళ్ల దగ్గర ఏళ్ల తరబడి లెక్కలున్నాయి. ఆ లెక్కను బట్టి ప్రతి విమానానికీ ఎన్ని టికెట్ల దాకా అమ్మవచ్చో ఒక హద్దు పెట్టుకుంటారు. బయల్దేరే రోజు దగ్గరపడే కొద్దీ ఆ హద్దును సవరిస్తూ ఉంటారు.

ఒక లెక్క వేసి చూద్దాం. 180 సీట్ల విమానం, వందలో ఐదుగురు రారు అనుకుందాం. సరిగ్గా 180 టికెట్లే అమ్మితే సగటున తొమ్మిది సీట్లు ఖాళీగా ఎగిరిపోతాయి. అందుకని 186 అమ్మారనుకోండి. సగటున వచ్చేది 177 మంది లోపే, అంటే మామూలుగా అందరికీ సీటు దొరుకుతుంది. 180 దాటి జనం వచ్చే అవకాశం నూటికి తొమ్మిది. ఆ తొమ్మిదిసార్లలోనూ దాదాపు ఎనిమిదిసార్లు కొరత ఒక సీటో రెండు సీట్లో మాత్రమే. ముగ్గురు నలుగురు మిగిలిపోవడం అరుదు. అదే 184తో ఆపేస్తే ఇబ్బంది వచ్చే అవకాశం నూటికి రెండు కూడా ఉండదు. ఆశకు పోయి 190 అమ్మితే మాత్రం సగం విమానాల్లో గొడవే. హద్దు ఎక్కడ పెట్టాలన్నదే వాళ్ల విద్యంతా.

ఇక డబ్బు వైపు చూడండి. టికెట్ 150 డాలర్లనుకుంటే అదనంగా అమ్మిన ఆరింటికి 900. వంద విమానాలకు 90,000. ఆ వంద విమానాల్లో కలిపి సీటు చాలక మిగిలిపోయేది పదహారు మంది. ఒక్కొక్కరికీ 700 డాలర్ల వోచర్ ఇచ్చినా 11,200 డాలర్లు. పైగా అది వోచర్, నోటు కాదు. కొందరు దాన్ని వాడనే వాడరు, వాడినవాళ్లు కూడా చాలాసార్లు ఎలాగూ ఖాళీగా ఉండే సీట్లలోనే కూర్చుంటారు. ఆరు టికెట్లూ ప్రతిసారీ అమ్ముడుపోకపోవచ్చు, నిజమే. అయినా మీ చేతిలో వోచర్ పెట్టేటప్పుడు ఆ గేటు ఏజెంటు నవ్వుతూ ఎందుకు ఉంటుందో ఈ లెక్కలోనే తెలుస్తుంది. వాళ్లు నష్టపోయి మీకు ఉపకారం చేయడం లేదు. ఆ ఖర్చు టికెట్ అమ్మిన రోజే లెక్కలోకి వచ్చేసింది.

కాబట్టి నా దృష్టిలో ఇది మోసం కాదు, అమెరికా చట్టం ప్రకారం నేరమూ కాదు. మోసం అనిపించే కాలం ఒకటుండేది. 1970ల దాకా సీట్లు చాలకపోతే ఎవరిని దించాలో ఎయిర్‌లైనే తేల్చేది, దిగాల్సినవాళ్లను అడిగేవాళ్లే లేరు. బలవంతంగా ఒకరిని దించే బదులు, ఎంత ఇస్తే దిగుతారో ప్రయాణికులనే అడిగి తక్కువ అడిగినవాళ్లను తీసుకోండని జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త 1968లో రాశాడు. ఎయిర్‌లైన్లు దాన్ని చాలా ఏళ్లు పట్టించుకోలేదు. ఈలోగా 1972లో వినియోగదారుల హక్కుల కోసం పోరాడే రాల్ఫ్ నేడర్‌నే ఒక విమానం ఎక్కించుకోలేదు. ఆయన కోర్టుకెక్కాడు, ఆ కేసు 1976లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ దశాబ్దం చివరికి, ముందు స్వచ్ఛందంగా దిగేవాళ్లను అడగాలి, ఎవరూ రాకపోతేనే బలవంతం అన్నది నియమమైపోయింది. మీరు మైకులో విన్న ప్రకటన ఆ నియమం నుంచి వచ్చిందే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను.

అమెరికా నియమాల్లో సీటు దొరకనివాళ్లు రెండు రకాలు. సరేనని తనంతట తాను వదులుకున్నవాళ్లు ఒకరు, వద్దన్నా ఎక్కనివ్వనివాళ్లు రెండోవాళ్లు. ఈ తేడా ముందు మిగతా మెలికలన్నీ చిన్నవే. మిమ్మల్ని బలవంతంగా ఆపితే ఎంత ఇవ్వాలో చట్టమే చెబుతుంది. దేశంలోపలి ప్రయాణంలో, వాళ్లు ఇచ్చిన వేరే విమానం మిమ్మల్ని అసలు సమయానికి గంటలోపు ఆలస్యంగా చేరిస్తే ఏమీ రాదు. గంట నుంచి రెండు గంటల ఆలస్యమైతే ఒకవైపు ఛార్జీకి రెండింతలు. రెండు గంటలు దాటితే నాలుగింతలు. 2025 జనవరి నుంచి వీటికి పైహద్దులు 1,075, 2,150 డాలర్లు. అంతకంటే ఎక్కువ ఇవ్వాలని చట్టం బలవంతపెట్టదు, ఇస్తే వద్దనదు. ఇక్కడ ఛార్జీ అంటే పన్నులతో కలిపి. ఈ సొమ్ము నగదుగానో చెక్కుగానో సాధారణంగా ఆ రోజే చేతికివ్వాలి. దాని బదులు వోచర్ ఇస్తామని అడగవచ్చు గానీ, డబ్బే కావాలనే హక్కు మీకుందని ముందు చెప్పి తీరాలి.

అదే మీరు సరేనని లేచి వెళ్లారనుకోండి, ఈ చట్టం మీ చేతిలోంచి జారిపోతుంది. అప్పుడు మీకు దక్కేది మీరు మాట్లాడుకున్నదే. భోజనం మాట్లాడుకోకపోతే భోజనం లేదు, రాత్రి ఉండాల్సి వస్తే హోటల్ మాట్లాడుకోకపోతే హోటల్ లేదు. ఇది ఎయిర్‌లైన్ చెడ్డతనం కాదు, మీరు చేసుకున్న ఒప్పందం.

అందుకే గేటు దగ్గర మొదట చూసుకోవాల్సింది వోచర్ మీద అంకెను కాదు, మీ టికెట్ ధరను. ఒకవైపు 180 డాలర్లు పెట్టి కొన్నారనుకుందాం. తర్వాతి విమానం మిమ్మల్ని మూడు గంటలు ఆలస్యంగా దింపుతుంది. మిమ్మల్ని బలవంతంగా ఆపి ఉంటే 720 డాలర్ల రొక్కం ఇవ్వాల్సి వచ్చేది. మీరు చూసిన 400 వోచర్ అందులో సగం చిల్లర, అదీ రొక్కం కాదు. తొందరపడి లేచినాయన చౌకగా వదిలేసుకున్నాడు. అదే టికెట్ 70 డాలర్లకు దొరికి ఉంటే నాలుగింతలు 280 మాత్రమే, అప్పుడు 400 వోచర్ చట్టం ఇచ్చేదానికంటే ఎక్కువే. ఒకే గేటులో, ఒకే వోచర్, పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి రెండు రకాల బేరం అవుతుంది.

అయితే ఈ నాలుగింతల అంకెను కొలబద్దగా వాడుకోండి గానీ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. "నేను ఒప్పుకోను, నన్ను బలవంతంగా దించండి, 720 పుచ్చుకుంటాను" అనడం మీ చేతిలో లేదు. ఎవరిని ఆపాలో ఎయిర్‌లైన్ ముందే రాసి పెట్టుకున్న క్రమం ఉంటుంది. ఛార్జీ తక్కువ కట్టినవాళ్లు, చెక్-ఇన్ ఆలస్యంగా చేసుకున్నవాళ్లు, తరచూ ప్రయాణించే సభ్యత్వం లేనివాళ్లు సాధారణంగా ముందు పోతారు. అసలు బలవంతంగా ఆపడమే ఇప్పుడు చాలా అరుదు, పదివేల మందిలో ఒక్కరి కంటే తక్కువ. వోచర్ ధర పెంచుకుంటూ పోతే ఎవరో ఒకరు లేస్తారని వాళ్లకు తెలుసు.

చాలామందికి తెలియని నియమం ఒకటుంది. సీటు వదులుకోమని అడిగేటప్పుడు, మిమ్మల్ని బలవంతంగా ఆపే ప్రమాదం ఉందా లేదా, ఉంటే చట్టప్రకారం ఎంత ఇవ్వాల్సి వస్తుందో ఆ ఏజెంటు మీకు చెప్పాలి. అలాగే వోచర్ ఇస్తామన్నప్పుడు దాని మీదున్న ముఖ్యమైన షరతులన్నీ మీరు ఒప్పుకోకముందే చెప్పాలి. మైకులో అవేవీ చెప్పరు, నిజమే. కౌంటరు దగ్గరికి వెళ్లి అడిగితే చెప్పక తప్పదు. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

అన్నిటికంటే ముందు "ఎంతమంది కావాలి?" అని అడగండి. పైన వేసిన లెక్క ఇక్కడే పనికొస్తుంది. మామూలు ఓవర్‌బుకింగ్ అయితే ఒకరో ఇద్దరో చాలు. అప్పుడు ముందు లేచినవాళ్లదే బేరం, ధర పెద్దగా పెరగదు, ఆలోచిస్తూ కూర్చుంటే ఇంకొకరు ఎగరేసుకుపోతారు. ఐదుగురు కావాలి, ఎనిమిది మంది కావాలి అన్నారంటే అది అమ్మకాల లెక్క తప్పడం కాదు, ఇంకేదో జరిగిందన్నమాట. పెద్ద విమానం బదులు చిన్నది వచ్చి ఉంటుంది. లేదా ఎండ మండిపోతూనో ఎదురుగాలి వీస్తూనో విమానం బరువు తగ్గించాల్సి వచ్చి ఉంటుంది. లేదా వేరే ఊర్లో ఇంకో విమానం నడపాల్సిన సిబ్బందిని ఇందులో పంపాల్సి వచ్చి ఉంటుంది. అలాంటప్పుడు ధర గబగబా పెరుగుతుంది, కాస్త ఆగినవాళ్లకే లాభం. మీ గేటులో 400 పది నిమిషాల్లో 700 అయిందంటే ఒక్క సీటు కొరత అయి ఉండదని నా అనుమానం.

ఇందులో ఒక పేచీ ఉంది. చిన్న విమానం వచ్చినందువల్ల సీట్లు చాలకపోతే, లేదా 60 సీట్లు, అంతకు లోపు ఉన్న విమానంలో బరువు కారణంగా ఆపితే, పైన చెప్పిన రెండింతలు నాలుగింతలు వర్తించవు. అంటే అప్పుడు మిమ్మల్ని బలవంతంగా ఆపినా చట్టప్రకారం ఏమీ రాకపోవచ్చు. అలాంటి రోజు వోచర్ విలువ మీ దృష్టిలో పెరగాలి. అందుకే ఎంతమంది కావాలని అడిగిన నోటితోనే, ఎందుకని కూడా అడగండి.

సిబ్బంది సంగతి అన్నాను కాబట్టి 2017 ఏప్రిల్ 9 గుర్తు చేయాలి. షికాగో నుంచి లూయివిల్ వెళ్లే యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ 3411లో అందరూ ఎక్కి కూర్చున్నాక నలుగురు సిబ్బందికి సీట్లు కావాల్సొచ్చాయి. వోచర్ 800 డాలర్ల దాకా వెళ్లి ఆగిపోయింది, ఎవరూ లేవలేదు. దాంతో నలుగురిని ఎంచారు. దిగనన్న ఒక ప్రయాణికుడిని భద్రతా సిబ్బంది ఈడ్చుకెళ్లడం, ఆ వీడియో ప్రపంచమంతా చూడటం తెలిసిందే. ఆ తర్వాత యునైటెడ్ తన ఏజెంట్లు ఇవ్వగలిగే మొత్తాన్ని 10,000 డాలర్ల దాకా పెంచింది, డెల్టా 9,950 దాకా. 2021 నుంచైతే బోర్డింగ్ పాస్ స్కాన్ చేసి లోపలికి పంపిన ప్రయాణికుడిని సీట్లు చాలవన్న కారణంతో బలవంతంగా దించడం నిషిద్ధం. పదివేలు ఎవరికో గానీ రావు. మీకు పనికొచ్చే విషయం వేరు: మైకులో చెప్పిన మొదటి అంకె ఏజెంటు చేతిలో ఉన్న చివరి అంకె కాదు.

ఎంతమంది, ఎందుకు అన్నది తెలిశాక, తర్వాతి విమానం సంగతి. "తర్వాతి దాంట్లో పంపిస్తాం" అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి, మీ పేరు మీద సీటు ఖాయం చేసి ఇవ్వడం. రెండోది, స్టాండ్‌బైలో పెట్టడం, అంటే ఖాళీ ఉంటే ఎక్కడం. ఇది ఓవర్‌బుకింగ్ రోజు. ఈ విమానం నిండిందంటే తర్వాతిదీ నిండి ఉండే అవకాశం ఎక్కువ. స్టాండ్‌బైకి ఒప్పుకుని సాయంత్రం దాకా ఒక్కో గేటు తిరిగినవాళ్లు చాలామంది. కాబట్టి సీటు నంబరు వేసిన కొత్త బోర్డింగ్ పాస్ చేతికి వచ్చాకే పాతది ఇవ్వండి. అందులో విమానం నంబరు, ఎక్కడ మారాలి, చేరే సమయం చదువుకోండి. నేరుగా వెళ్లే విమానం బదులు మధ్యలో మారేది అంటగడితే ఆ కష్టానికి ఇంకో వంద అడగొచ్చు. అడగండి. వేరే ఎయిర్‌లైన్‌లో పంపడం వాళ్లకు సాధ్యమే, కాకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఇది ఆ రోజు ఆఖరి విమానమైతే హోటల్ గది, రాత్రి భోజనం, ఎయిర్‌పోర్టుకు రానుపోను బండి, మూడూ వోచర్‌తో పాటే రాసివ్వమనండి. తర్వాత అడిగితే "మీరే ఒప్పుకున్నారు కదా" అంటారు.

ఇక వోచర్. నా పాఠకుల్లో ఎక్కువమంది మోసపోయామనుకునేది ఇక్కడే. ఇచ్చినవాళ్లు మోసం చేయరు, తీసుకున్నవాళ్లు చదవరు.

గడువు చూడండి. చాలావాటికి ఇచ్చిన రోజు నుంచి ఏడాది. అయితే ఏడాదిలోపు టికెట్ కొంటే చాలా, లేక ప్రయాణమే పూర్తవ్వాలా అన్నది రెండు వేర్వేరు సంగతులు. మొదటిదైతే పదకొండో నెలలో కూర్చుని ఆ తర్వాతి వేసవికి టికెట్ కొనుక్కోవచ్చు. రెండోదైతే ఆ వోచర్ వయసు మీరనుకున్న దానికంటే చాలా తక్కువ.

తర్వాత, ఎవరు వాడుకోవచ్చో చూడండి. కొన్నింటిని మీ పేరు మీదే వాడాలి. కొన్నింటితో మీరు ఇంకొకరికి టికెట్ కొనివ్వొచ్చు. మీలాంటివాళ్లకు ఈ రెండో రకం చాలా విలువైనది, ఎందుకంటే మీకు ప్రయాణం లేకపోయినా ఇంట్లో ఎవరికో ఒకరికి ఉంటుంది.

మిగులు సంగతి కూడా అడగండి. 700 వోచర్‌తో 430 టికెట్ కొంటే మిగిలిన 270 ఏమవుతుంది? కొన్నిచోట్ల ఖాతాలోనే ఉంటుంది, కొన్నిచోట్ల గాలికి పోతుంది. పోయేదైతే ఒక్క 700 కంటే రెండు 350లుగా ఇవ్వమనడం మేలు. కొందరు ఇస్తారు. ఒకే టికెట్‌కు రెండు వోచర్లు కలిపి వాడనిస్తారో లేదో మాత్రం కనుక్కోండి.

ఇవన్నీ తెలిశాక కూడా వోచర్ మీదున్న అంకె దాని విలువ కాదు. ఏడాదిలోపు అదే ఎయిర్‌లైన్‌కు ఎలాగూ 700 ఖర్చు పెట్టేవాళ్లయితే అది దాదాపు రొక్కమే. కానీ మీ ఊరి నుంచి ఆ ఎయిర్‌లైన్ టికెట్ 700 ఉండి, ఇంకొకరిది అదే రోజు 450కే దొరుకుతుంటే మీ చేతిలో ఉన్నది 450 డాలర్లే. ఆ ఎయిర్‌లైన్ ఎక్కే పనే లేకపోతే, ఉచితంగా వస్తోంది కదా అని అక్కర్లేని ప్రయాణం పెట్టుకుని హోటల్‌కు, తిండికి చేతి డబ్బు తగలేసుకునే ప్రమాదం కూడా ఉంది. వోచర్లు వాడకుండా పోతున్న మనుషులను నేను అంతగా తప్పుపట్టను. వాడుకోవడానికి ఖర్చు పెంచుకున్నవాళ్లను చూస్తేనే జాలి.

అందుకని నేను పాటించే పద్ధతి చెబుతాను. వోచర్ అంకెలో మూడో వంతు తీసేస్తాను. మిగిలినదాన్ని ఆలస్యం వల్ల నాకయ్యే నష్టంతో పోలుస్తాను. 700లో మూడో వంతు తీస్తే సుమారు 465. మూడు గంటలు కూర్చోవడానికి, ఆ పూట నాకు వేరే పనేమీ లేకపోతే, ఇది మంచి బేరం. అవతల ముందే డబ్బు కట్టిన అద్దె కారు, తప్పిపోతే మళ్లీ కొనాల్సిన ఇంకో టికెట్, సెలవు దొరకని ఉద్యోగం ఉంటే 465 ఇట్టే కరిగిపోతుంది. వోచర్ బదులు ప్రీపెయిడ్ కార్డు, గిఫ్టు కార్డు ఇచ్చే ఎయిర్‌లైన్లు కొన్ని ఉన్నాయి. ఆ మాట వినబడితే మూడో వంతు కోత అక్కర్లేదు, అంకె కొంచెం తక్కువైనా అదే తీసుకోండి.

గేటు దగ్గరికి వెళ్లక ముందే ఈ బేరం మొదలవుతోంది ఇప్పుడు. చెక్-ఇన్ చేస్తుంటే ఫోన్ తెర మీదే "సీటు వదులుకోవడానికి ఎంత తీసుకుంటారు?" అని అడుగుతున్నాయి కొన్ని యాప్‌లు. 100, 200, 300 అని పెట్టెలు చూపిస్తాయి, మీరే ఒకటి రాసుకోవచ్చని కూడా అంటాయి. అక్కడ మీకు ఎదుటివాళ్ల అవసరం ఎంతో తెలియదు, ఎంతమంది కావాలో తెలియదు. చిన్న అంకె నొక్కితే ఆ అంకెకే మిమ్మల్ని కట్టిపడేయవచ్చు. నొక్కాలనిపిస్తే, నిజంగా ఎంతకైతే సంతోషంగా దిగుతారో ఆ అంకె రాయండి, ఎక్కువైందని వాళ్లు కాదన్నా మీకు పోయేదేమీ లేదు. నొక్కకుండా వదిలేసి గేటులో చూసుకోవడం నాకు ఇంకా ఇష్టం.

గేటులో మీ పేరు జాబితాలో రాయించుకున్నంత మాత్రాన సీటు పోయినట్టు కాదు. బోర్డింగ్ చివర్లో, రానివాళ్ల పేర్లు కొట్టేశాక గానీ ఎందరు మిగిలారో వాళ్లకే తేలదు. చాలాసార్లు "అక్కర్లేదు, ఎక్కండి" అంటారు. దానివల్ల జరిగే నష్టమల్లా ఆఖరున ఎక్కడం, తల మీద అరల్లో బ్యాగుకు చోటు దొరక్కపోవడం. పేరు రాయించేటప్పుడే "నా తర్వాత లేచినవాళ్లకు ఎక్కువ ఇస్తే నాకూ అంతే ఇవ్వాలి" అని చెప్పండి. చాలా గేట్లలో ఇది మామూలుగా ఒప్పుకుంటారు. మీరు చూసిన ఆ 400 ఆయన ఈ ఒక్క వాక్యం అని ఉంటే 700తో వెళ్లేవాడేమో.

ఇది అమెరికా లోపలి విమానాలకు, అమెరికా నుంచి బయల్దేరే విమానాలకు. బయటి దేశం నుంచి అమెరికాకు వచ్చే విమానానికి ఈ నియమం వర్తించదు, అక్కడి చట్టమే చూసుకోవాలి. యూరప్‌లో బలవంతంగా ఆపితే దూరాన్ని బట్టి 250, 400, 600 యూరోలు, మీరు సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప వోచర్‌గా ఇవ్వకూడదు. భారత్‌లో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నియమం ప్రకారం కూడా ముందు స్వచ్ఛందంగా దిగేవాళ్లను అడగాలి. బలవంతంగా ఆపి గంటలోపు బయల్దేరే వేరే విమానం ఇవ్వలేకపోతే, 24 గంటల్లోపు పంపితే మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి రెండింతలు, పైహద్దు 10,000 రూపాయలు. 24 గంటలు దాటితే నాలుగింతలు, పైహద్దు 20,000. అక్కడ వోచర్ వేలంపాట మీరు చూసినంతగా కనబడదు.

మీ వచ్చే నెల ప్రయాణానికి మాత్రం వద్దంటాను. ముగ్గురికి మూడు వోచర్లు అంటే పెద్ద మొత్తమే, ఆశ పుట్టడం సహజం. కానీ తర్వాతి విమానంలో ముగ్గురికీ కలిపి ఖాయమైన సీట్లు దొరకడం ఒకరికి దొరికినంత తేలిక కాదు. మీరొక్కరే దిగి అమ్మానాన్నలను ముందు పంపిద్దామనుకుంటే, బుకింగును విడదీస్తారు. వాళ్లు దారి తెలియని ఎయిర్‌పోర్టులో దిగి మీ కోసం గంటల తరబడి కూర్చోవాలి. చెక్-ఇన్ చేసిన పెట్టెలు అప్పటికే విమానం కడుపులోకి వెళ్లిపోయి ఉంటాయి, సాధారణంగా అవి మీ కంటే ముందే ఊరు చేరిపోతాయి. నాన్నగారి మందులు అందులో ఉంటే ఆ మూడు గంటలూ మీకు కునుకు పట్టదు. మందులు ఎలాగూ చేతి సంచీలోనే పెట్టించండి, సీటు వదులుకున్నా వదులుకోకపోయినా.

బలవంతంగా ఆపేవాళ్ల జాబితాలో మీరు ముగ్గురూ పడకుండా చూసుకోవడం ఆ రోజు మీ అసలు పని. చెక్-ఇన్ తెరుచుకోగానే చేసేయండి, సాధారణంగా 24 గంటల ముందు. సీటు నంబర్లు ముందే ఎంచుకోండి. బోర్డింగ్ పాస్ మీద సీటు నంబరు లేకుండా గేటు దగ్గర ఇస్తామని ఉంటే విమానం నిండిందనడానికి అదే మొదటి గుర్తు. త్వరగా గేటుకు వెళ్లి ఏజెంటుకు కనబడండి, ముగ్గురూ ఒకే బుకింగు అని, పెద్దవాళ్లున్నారని చెప్పండి.

వాళ్లను దింపి తిరిగి ఒంటరిగా వచ్చేటట్టయితే, బేరం పెట్టుకోవాలనిపిస్తే అప్పుడు పెట్టుకోండి. పెట్టె చెక్-ఇన్ చేయకండి. ఆ రోజు ఆఖరి విమానం కాకుండా దాని ముందుది బుక్ చేసుకోండి, దిగినా ఇంకొకటి ఉంటుంది. ఒకవైపు ఛార్జీ ఎంతో, దానికి నాలుగింతలు ఎంతో ఫోన్‌లో రాసి పెట్టుకోండి. మైకు మోగితే కౌంటరు దగ్గరికి వెళ్లి ఎంతమంది కావాలో, ఎందుకో అడగండి. వోచర్ చేతికొచ్చాక అక్కడే నిలబడి అది మీ ఈమెయిల్‌కు వచ్చిందో లేదో, గడువు తేదీ వాళ్లు చెప్పినదేనో చూసుకుని, తేడా ఉంటే ఆ ఏజెంటు కౌంటరు వదిలి వెళ్లకముందే సరిచేయించుకోండి.